డైమ్లర్ 1993: లాభమా, నష్టమా?

1993 సెప్టెంబరులో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ కంపెనీ ఆ ఏడాది మొదటి ఆరు నెలల ఫలితాన్ని రెండు రకాలుగా ప్రకటించింది. జర్మన్ చట్టం ప్రకారం వేసిన లెక్కలో 16.8 కోట్ల మార్కుల లాభం వచ్చింది. అమెరికా పద్ధతిలో వేస్తే 94.9 కోట్ల మార్కుల నష్టం తేలింది. అమ్మిన కార్లు అవే, లారీలు అవే, జీతాలు అవే. బ్యాంకులో పడిన డబ్బు, బయటికి పోయిన డబ్బు కూడా ఒక్కటే. ఒక లెక్క లాభం అంది, ఇంకొకటి నష్టం అంది.

ఇలా ప్రకటించాల్సిన అవసరం న్యూయార్క్ వల్ల వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 5న డైమ్లర్ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదయ్యాయి. అక్కడికి వెళ్లిన మొదటి జర్మన్ కంపెనీ అదే. సొంత దేశపు లెక్కలను అలాగే చూపిస్తే అమెరికా సెక్యూరిటీల కమిషన్ ఒప్పుకోదు. ఆ లెక్కలో లాభం ఎంతుందో, అమెరికా నియమాలతో వేస్తే ఎంతవుతుందో, మధ్యలో తేడా ఏ పద్దు దగ్గర వచ్చిందో వరసగా చూపే పట్టిక ఒకటి ఇవ్వాలి. ఏడాది పూర్తయ్యాక ఆ పట్టిక వచ్చింది. జర్మన్ లెక్కలో 1993 లాభం 61.5 కోట్ల మార్కులు. అమెరికా లెక్కలో నష్టం 183.9 కోట్ల మార్కులు.

నిష్పత్తులతో కంపెనీలను పోల్చేవాళ్లందరికీ ఈ పాత చిక్కుముడి బాగా పనికొస్తుందని నా నమ్మకం. రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టి ఒకదాని రాబడి 12 శాతం, ఇంకోదాని రాబడి 8 శాతం అన్నప్పుడు ఆ నాలుగు శాతంలో వ్యాపారం వల్ల వచ్చింది ఎంత, లెక్క రాసిన తీరు వల్ల వచ్చింది ఎంత అన్నది విడదీయడం కష్టం. ఇక్కడ కంపెనీ ఒక్కటే కాబట్టి వ్యాపారపు తేడా సున్నా. కనబడే తేడా అంతా కొలిచే పద్ధతిదే.

మొదట తోచే అనుమానం సులువైనదే. జర్మన్ నియమాలు వదులుగా ఉండి ఉంటాయి, కంపెనీ లాభాన్ని ఉబ్బించి చూపింది, అమెరికా వాళ్లు వచ్చి ఆ గాలి తీశారు అనిపిస్తుంది. ఈ అనుమానం నిజమైతే దాని వెంట ఇంకొకటి కూడా నిజం కావాలి. లాభాలను ఉబ్బించే కంపెనీ పుస్తకాల్లో ఆస్తులూ ఉబ్బే ఉంటాయి, లేదా అప్పులు తగ్గించి రాసి ఉంటారు. కాబట్టి కఠినమైన లెక్క వేయగానే లాభంతో పాటు వాటాదారుల సొంత నిధులు, అంటే ఆస్తుల్లోంచి అప్పులన్నీ తీసేశాక మిగిలేది కూడా తగ్గాలి.

అది తగ్గలేదు. జర్మన్ లెక్కలో 1993 చివర వాటాదారుల నిధులు 1,758.4 కోట్ల మార్కులు. అమెరికా లెక్కలో అవే 2,628.1 కోట్ల మార్కులు, అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. నష్టం వచ్చిందని చెప్పిన లెక్కే కంపెనీ మరింత సంపన్నమైనదని కూడా చెప్పింది. లాభం వచ్చిందన్న లెక్క మాత్రం కంపెనీని పేదగా చూపింది.

నా దృష్టిలో మొదటి ఆనవాలు ఇదే. లాభాలను ఉబ్బించే నియమాలైతే ఇలా జరగదు. ఆస్తులను తక్కువగా, అప్పులను ఎక్కువగా రాసుకునే అలవాటు చాలా ఏళ్లుగా ఉన్న కంపెనీ, ఈ ఏడాది మాత్రం ఆ అలవాటుకు ఎదురు నడిచి ఉంటే తప్ప ఈ రెండు అంకెలు కలవవు.

ఈ రెండు లెక్కలతో మదుపరులు ఎక్కువగా చూసే నిష్పత్తి, సొంత నిధుల మీద రాబడి, కట్టి చూద్దాం. జర్మన్ లెక్కలో మైనారిటీ వాటాదారుల భాగం పోను మిగిలిన 60.2 కోట్ల లాభాన్ని 1,758.4 కోట్లతో భాగిస్తే 3.4 శాతం వస్తుంది. అమెరికా లెక్కలో 183.9 కోట్ల నష్టాన్ని 2,628.1 కోట్లతో భాగిస్తే మైనస్ 7 శాతం. నిష్పత్తికి పైనున్న అంకె, కిందనున్న అంకె రెండూ మారాయి, అదీ ఎదురెదురు దిక్కుల్లో. లాభం తగ్గింది, భాజకం పెరిగింది. ఏదో ఒక శాతంతో హెచ్చవేసి సర్దుకుందామంటే కుదరదు.

ఇప్పుడు పట్టికలోకి వెళ్దాం. 60.2 కోట్ల లాభం నుంచి 183.9 కోట్ల నష్టం దాకా దిగే మెట్లలో అన్నిటికంటే పెద్దది ఒకే ఒక్క వరస. ప్రొవిజన్లు, రిజర్వులు, విలువ కట్టడంలో తేడాలు అన్న శీర్షిక కింద 426.2 కోట్ల మార్కులు తీసేశారు. సొంత నిధుల పట్టికలో అదే శీర్షిక ఎదురుగా 577 కోట్ల మార్కులు కలిపారు. ఒకే పద్దు లాభంలోంచి తీసివేతగా, సొంత నిధుల్లోకి కూడికగా కనబడుతోంది. ముడి విప్పే కొస ఇక్కడ దొరుకుతుంది.

ప్రొవిజన్ అంటే రాబోయే ఖర్చు కోసం ఇవాళే రాసిపెట్టుకునే మొత్తం. అమ్మిన వాహనాలకు వారంటీ మరమ్మతులు, తేలని కోర్టు కేసులు, నష్టం వచ్చేలా ఉన్న కాంట్రాక్టులు, మూసేయబోయే ఫ్యాక్టరీలో పనివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం లాంటివి. రాసిన ఏడాది అది ఖర్చుగా లాభాన్ని తగ్గిస్తుంది, బ్యాలెన్స్ షీటులో బాకీగా నిలుస్తుంది. అయితే ఎంత రాయాలన్నది అంచనా మీదే ఆధారపడి ఉంటుంది. అమెరికా నియమం ప్రకారం ఆ ఖర్చు వచ్చే అవకాశం గట్టిగా ఉండాలి, మొత్తాన్ని లెక్క కట్టగలగాలి. అది ఇంత నుంచి ఇంత దాకా ఉండవచ్చు అని మాత్రమే తెలిసి, ఆ మధ్యలో ఏ అంకె నమ్మదగినదో తేలకపోతే, తక్కువ మొత్తాన్నే రాయాలి. జర్మన్ వాణిజ్య చట్టం ముందుజాగ్రత్తగల వ్యాపారి తీర్పును ప్రమాణంగా తీసుకుంది. ఆ వ్యాపారి భారీగా ఊహించి రాసుకున్నా తప్పు పట్టేది కాదు. తర్వాతి సంవత్సరాల్లో చేయబోయే పెద్ద మరమ్మతుల లాంటి, బయటివాళ్లెవరికీ బాకీ లేని ఖర్చులకు కూడా ముందే ప్రొవిజన్ పెట్టుకోవడానికి ఆ రోజుల్లో చట్టం అనుమతించింది. 2009లో చట్టాన్ని సవరించి ఆ వెసులుబాటు తీసేశారు.

దీని వెనక ఒక ఆలోచన ఉంది. జర్మనీలో పెద్ద కంపెనీలకు డబ్బు ఎక్కువగా బ్యాంకుల నుంచి వచ్చేది, స్టాక్ మార్కెట్ నుంచి వచ్చింది తక్కువ. అప్పిచ్చినవాడికి కావలసింది కంపెనీ చెప్పినదానికంటే కాస్త బలంగా ఉండటం. పంచగలిగే లాభాన్ని తక్కువ చూపితే డబ్బు కంపెనీలోనే ఉంటుంది. పన్ను లెక్క కూడా వాణిజ్య లెక్కకు ముడిపడి ఉండేది, పన్నులో ఎక్కువ తరుగుదల కావాలంటే పుస్తకాల్లోనూ అంతే రాయాలి. ఇలా రెండు దారుల్లోనూ లాభాన్ని తగ్గించి రాయడమే లాభసాటి. డైమ్లర్ లెక్కలు రాసినవాళ్లు చట్టాన్ని మీరలేదు, ఆ చట్టం ఎందుకు పుట్టిందో దానికి తగ్గట్టే రాశారు.

మంచి పంట పండిన ఏడు గాదెలో ధాన్యం దాచినట్టు ఈ ప్రొవిజన్లు పేరుకుంటాయి. కరువు ఏడు గాదె తలుపు తీస్తారు. ఇది అంకెల్లో ఎలా కనబడుతుందో ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక కంపెనీ నిజంగా 100 సంపాదించిన ఏడాది 30 ప్రొవిజన్ రాసి లాభం 70 అని చూపింది. మరుసటి ఏడు 10 నష్టం వచ్చింది. అప్పుడు ఆ 30 ఇక అవసరం లేదని వెనక్కి తీసి ఆదాయంలో కలిపితే పుస్తకాల్లో 20 లాభం కనబడుతుంది. రెండేళ్లూ కలిపితే ఏ పద్ధతిలోనైనా 90. కానీ ఏడాదివారీగా చూసేవాడికి ఒక లెక్కలో 100 నుంచి మైనస్ 10కి పడిపోయిన కంపెనీ, ఇంకో లెక్కలో 70 నుంచి 20కి నెమ్మదిగా దిగిన కంపెనీ కనబడతాయి.

1993 డైమ్లర్‌కు కరువు ఏడాదే. ఐరోపాలో మాంద్యం, కార్ల గిరాకీ తగ్గుదల. ఆ ఏడాది కంపెనీ అమ్మకాలు దాదాపు 9,800 కోట్ల మార్కులు. 60 కోట్ల లాభం అంటే అందులో అర శాతం పైచిలుకు మాత్రమే. పట్టికలోని ఆ పెద్ద వరసకు ఇప్పుడు అర్థం తెలుస్తుంది. ఆ 426 కోట్లలో ప్రధాన భాగం పాత ఏళ్లలో దాచుకున్నది ఈ ఏడు బయటికి తీసినదే. అమెరికా లెక్క ఆ మొత్తాన్ని 1993 సంపాదనగా ఒప్పుకోదు, ఎందుకంటే దాన్ని దాచిన ఏళ్లలోనే లాభంగా లెక్కకట్టేసింది. అందుకే దాన్ని తీసేసింది. గాదెలో ఇంకా మిగిలిన 577 కోట్లను అమెరికా లెక్క బాకీగా చూడదు, వాటాదారుల సొత్తుగా చూస్తుంది. అందుకే దాన్ని కలిపింది. ఈ ఏడు తీసిన 426, ఇంకా మిగిలిన 577 కలిపితే, 1993 మొదలయ్యేనాటికి ఆ గాదెలో సుమారు వెయ్యి కోట్ల మార్కులు ఉన్నాయని తేలుతుంది. జర్మన్ బ్యాలెన్స్ షీటు చదివేవాళ్లలో ఎవరికీ ఆ అంకె ఒకచోట రాసి కనబడలేదు.

రెండో ఆనవాలు గుడ్‌విల్ వరసలో ఉంది. 1980లలో డైమ్లర్ డోర్నియర్, ఎంటీయూ, ఏఈజీ, ఎంబీబీ లాంటి కంపెనీలను కొంది. ఒక కంపెనీని కొనేటప్పుడు దాని ఆస్తుల విలువ కంటే ఎక్కువ ఇస్తే ఆ అదనాన్ని గుడ్‌విల్ అంటారు. ఆ అదనాన్ని లాభనష్టాల ఖాతాలోకి రానివ్వకుండా నేరుగా సొంత నిధుల్లోంచి కొట్టేయడానికి జర్మన్ చట్టం అనుమతించేది. కొట్టేశాక ఆ ఖర్చు ఏ ఏడాది లాభానికీ తగలదు. అమెరికా నియమం అప్పట్లో దాన్ని ఆస్తిగా ఉంచి, గరిష్ఠంగా 40 ఏళ్లలో కొంచెం కొంచెంగా ఖర్చు రాయమనేది. ఫలితంగా అమెరికా లెక్కలో సొంత నిధులు 228.4 కోట్లు పెరిగాయి, 1993 లాభం 28.7 కోట్లు తగ్గింది. మళ్లీ అదే తీరు, సొంత నిధులు ఒక దిక్కుకు, లాభం ఇంకో దిక్కుకు. ఇక్కడ గాదె ఏమీ లేదు, మాంద్యంతో సంబంధం లేదు. మంచి ఏడాదైనా చెడ్డ ఏడాదైనా ఈ ఒక్క ఎంపిక వల్లే జర్మన్ పద్ధతిలో రాసే కంపెనీకి రాబడి నిష్పత్తి ఎక్కువగా కనబడేది. ఇతర కంపెనీలను కొని పెరిగిన జర్మన్ కంపెనీని, అలాగే పెరిగిన అమెరికన్ కంపెనీతో పోలిస్తే జర్మన్ యాజమాన్యం పెట్టుబడిని బాగా వాడుతోందని అనిపించేది. నిజానికి పెట్టుబడిలో కొంత భాగం పుస్తకాల్లోంచి మాయమైంది, అంతే.

మిగతా వరసల్లో రెండు మాత్రం చెప్పుకోవాలి. పింఛన్ల వరస లాభాన్ని 62.4 కోట్లు, సొంత నిధులను 182.1 కోట్లు తగ్గించింది. అప్పట్లో జర్మన్ లెక్కలో ఉద్యోగుల భవిష్యత్తు జీతాల పెరుగుదలను లెక్కలోకి తీసుకోనక్కర్లేకపోయింది, అమెరికా లెక్కలో తీసుకోవాల్సి వచ్చింది. అంటే జర్మన్ పద్ధతి ప్రతి పద్దులోనూ ముందుజాగ్రత్తగా ఉందనడం కూడా తప్పే. పింఛన్ల విషయంలో అమెరికా వాళ్లే ఎక్కువ జాగ్రత్త పడ్డారు. ఇక వాయిదా పన్ను వరస లాభంలోకి 262.7 కోట్లు, సొంత నిధుల్లోకి 248.9 కోట్లు కలిపింది. నష్టాలు రేపటి పన్నును తగ్గిస్తాయి కాబట్టి ఆ ఆదాను ఇవాళే ఆస్తిగా రాసుకోమంటుంది అమెరికా నియమం. ఈ వరస లేకపోతే 1993 నష్టం 446 కోట్లు దాటేది. ఆ ఆస్తి రేపు లాభాలు వస్తేనే పనికొస్తుందన్నది గుర్తుంచుకోవాలి. అమెరికా లెక్కే అసలు నిజం అని తీర్పు చెప్పేవాళ్లు ఈ వరస దగ్గర ఒక్క క్షణం ఆగడం మంచిది.

పోనీ, తేడా ఏదో ఒక దిక్కుకు స్థిరంగా ఉంటే చదివేవాడు సర్దుకుని చదువుకోవచ్చు. మూడో ఆనవాలు ఆ ఆశను కూడా తీసేస్తుంది. 1992లో జర్మన్ లాభం 145.1 కోట్లు, అమెరికా లాభం 135 కోట్లు, అంటే పెద్ద తేడా లేదు. 1993లో అటు లాభం, ఇటు నష్టం. 1994లో జర్మన్ లాభం 89.5 కోట్లు, అమెరికా లాభం 105.2 కోట్లు, అంటే ఈసారి అమెరికా లెక్కే ముందుంది. 1995లో కంపెనీ భారీగా నష్టపోయింది, జర్మన్ లెక్కలో 573.4 కోట్లు, అమెరికా లెక్కలో 572.9 కోట్లు, దాదాపు ఒక్కటే. రెండు పద్ధతులు కొన్ని ఏళ్లు పక్కపక్కనే నడిచి, మలుపు వచ్చిన ఏడాది విడిపోయాయి. మదుపరికి నిష్పత్తి ఎక్కువగా అవసరమయ్యేది మలుపు తిరిగే ఏడాదే. అది ఎక్కువగా తప్పేదీ ఆ ఏడాదే.

ఇంకో మాట. ఒకే దేశంలోని, ఒకే చట్టం కింది రెండు కంపెనీలను పోల్చితే చాలదా అంటారు కొందరు. గాదెలో ఎంత వేయాలి, ఎప్పుడు తీయాలి అన్నది యాజమాన్యం చేతిలో ఉన్నప్పుడు చట్టం ఒకటే అయినా విధానం ఒకటి కాదు. ఒకరు తీసిన ఏడాది ఇంకొకరు వేస్తూ ఉండవచ్చు. వెతికేవాడికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రొవిజన్లు వెనక్కి తీయడం వల్ల వచ్చిన ఆదాయం ఎంత అన్నది లెక్కల వివరణ పత్రాల్లో ఇతర ఆదాయం కింద వెతకాలి. లాభం నిలకడగా ఉండగా ప్రొవిజన్ల మొత్తం తగ్గుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు లాభం కంటే వేగంగా పడిపోతుంటే గాదె తలుపు తెరుచుకుందనే అర్థం.

డైమ్లర్ కథలో తేదీ ఒకటే, నియమాలు రెండు. ఇప్పుడు నియమాలను కదపకుండా తేదీని మాత్రం మార్చి చూద్దాం. దీనికి జర్మనీ దాకా పోనక్కర్లేదు, చక్కెర మిల్లు చాలు.

మన దేశంలో చక్కెర సంవత్సరం అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా నడుస్తుంది. చెరకు క్రషింగ్ చాలాచోట్ల నవంబరు ప్రాంతంలో మొదలై మార్చి, ఏప్రిల్ నాటికి ముగుస్తుంది. అమ్మకం మాత్రం ఏడాది పొడుగునా సాగుతుంది. ఒకప్పుడు మిల్లులు లెక్కలు వేర్వేరు తేదీల్లో ముగించేవి. బజాజ్ హిందుస్థాన్, త్రివేణి ఇంజనీరింగ్ లాంటివి సెప్టెంబరు 30న ముగిస్తే, ఇ.ఐ.డి. ప్యారీ మార్చి 31న ముగించేది. 2013 కంపెనీల చట్టం వచ్చాక అందరూ మార్చి 31కి మారాల్సి వచ్చింది.

తేదీ ఎంత పని చేస్తుందో చూడటానికి ఒక మిల్లును ఊహించుకుందాం. నవంబరు మొదట్లో గోడౌను ఖాళీ. నవంబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలు నెలకు 2.4 లక్షల క్వింటాళ్ల చొప్పున మొత్తం 12 లక్షల క్వింటాళ్లు తయారు చేస్తుంది. ప్రతి నెలా లక్ష క్వింటాళ్లు అమ్ముతుంది. క్వింటాలు తయారీ ఖర్చు 3,000 రూపాయలు. ఏడాదిలో అమ్మిన సరుకు ఖర్చు 360 కోట్లు. మార్చి 31న గోడౌనులో 7 లక్షల క్వింటాళ్లు, అంటే 210 కోట్ల సరుకు ఉంటుంది. సెప్టెంబరు 30న లక్ష క్వింటాళ్లు, అంటే 30 కోట్ల సరుకే ఉంటుంది.

సరుకు ఏడాదికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే నిష్పత్తి కోసం 360 కోట్లను నిల్వతో భాగించాలి. మార్చిలో లెక్క ముగిస్తే 1.7 సార్లు, సెప్టెంబరులో ముగిస్తే 12 సార్లు. ఒక లెక్కలో సరుకు ఏడు నెలలు గోడౌనులో కూర్చుంటోంది, ఇంకో లెక్కలో ఒక్క నెలలో అమ్ముడైపోతోంది. మిల్లు మాత్రం ఒక్కటే. బ్యాంకు సరుకు విలువలో 80 శాతం అప్పిస్తుందనుకుంటే మార్చిలో బాకీ 168 కోట్లు, సెప్టెంబరులో 24 కోట్లు. యజమానుల సొంత నిధులు 120 కోట్లయితే అప్పు, సొంత నిధుల నిష్పత్తి ఒకచోట 1.4, ఇంకోచోట 0.2. ఒకటి అప్పుల్లో మునిగిన మిల్లు, ఇంకొకటి అప్పంటే భయపడే మిల్లు.

ఇక్కడ పాఠ్యపుస్తకాల్లో చెప్పే మందు ఒకటి ఉంది. ముగింపు నిల్వ కాకుండా మొదటి నిల్వ, చివరి నిల్వల సగటు తీసుకోమంటారు. సీజను వ్యాపారానికి ఇది పని చేయదు. ఎందుకో చాలామంది విద్యార్థులకు ఎవరూ చెప్పరు. మొదటి నిల్వ కూడా పోయినేడు మార్చి 31 నాటిదే కదా. రెండు శిఖరాల సగటు శిఖరమే అవుతుంది, రెండు లోయల సగటు లోయే అవుతుంది. పన్నెండు నెలల చివరి నిల్వలను కూడి సగటు తీస్తే మన మిల్లుకు 3.5 లక్షల క్వింటాళ్లు, అంటే 105 కోట్లు వస్తుంది. దాంతో భాగిస్తే సరుకు 3.4 సార్లు తిరిగింది. మార్చి అంకె దానిలో సగం, సెప్టెంబరు అంకె దానికి మూడున్నర రెట్లు.

నెలనెలా నిల్వలు బయటివాళ్లకు దొరకవు. అప్పుడు పనికొచ్చే ఆనవాలు వడ్డీ. నిల్వ, అప్పు అన్నవి ఆ ఒక్క రోజువి, వడ్డీ ఖర్చు మాత్రం పన్నెండు నెలలది. మన మిల్లు ఏడాది సగటు అప్పు 105 కోట్లలో 80 శాతం, అంటే 84 కోట్లు. వడ్డీ రేటు 10 శాతమైతే ఏడాది వడ్డీ 8.4 కోట్లు. ఏ తేదీన లెక్క ముగించినా లాభనష్టాల ఖాతాలో ఈ 8.4 కోట్లే కనబడుతుంది. సెప్టెంబరు బ్యాలెన్స్ షీటు చదివేవాడు ఆ వడ్డీని 24 కోట్ల అప్పుతో భాగిస్తే 35 శాతం వస్తుంది. ఆ రేటుకు ఏ బ్యాంకూ సరుకు తాకట్టు మీద అప్పివ్వదు. మార్చి షీటు చదివేవాడు 168 కోట్లతో భాగిస్తే 5 శాతం వస్తుంది. ఆ రేటుకూ ఎవరూ ఇవ్వరు. ఇలాంటి నమ్మశక్యం కాని వడ్డీ రేటు కనబడిందంటే ఆ తేదీనాటి అప్పు ఏడాది మొత్తానికి ప్రతినిధి కాదని అర్థం. తిరగేసి, మార్కెట్‌లో నడుస్తున్న 10 శాతంతో 8.4 కోట్లను భాగిస్తే 84 కోట్ల సగటు అప్పు మన చేతికి వస్తుంది. ఆడిటరు ఎక్కడా రాయని అంకె ఇలా రాబట్టవచ్చు.

ఈ ఉపాయానికి హద్దులున్నాయి. యంత్రాల కోసం తీసుకున్న దీర్ఘకాల అప్పు మీది వడ్డీని ముందే వేరు చేయాలి. కొత్త ప్లాంటు కడుతున్న ఏడాదైతే ఆ వడ్డీలో కొంత ఆస్తి విలువలోకి చేరిపోయి ఖర్చుగా కనబడకపోవచ్చు. రాయితీ వడ్డీతో వచ్చిన అప్పుంటే రేటు సహజంగానే తక్కువ ఉంటుంది. వీటిని చూసుకోకుండా భాగిస్తే ఒక తప్పును దిద్దబోయి ఇంకొకటి చేసినట్టవుతుంది.

అందరూ మార్చి 31కి మారాక ఈ గొడవ తీరిందనుకోవడం తొందరపాటు. ఉత్తర ప్రదేశ్ మిల్లుకు మార్చి 31 అంటే గోడౌను నిండిన రోజు. తమిళనాడులో ప్రధాన సీజను తర్వాత మళ్లీ ప్రత్యేక సీజను నడిపే మిల్లులున్నాయి కాబట్టి అక్కడ అదే తేదీ ఏడాది చక్రంలో వేరే చోట పడుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న పత్తి విత్తనాల కంపెనీల సంగతి చూడండి. ఖరీఫ్ కోసం విత్తనం ఎక్కువగా అమ్ముడయ్యేది ఏప్రిల్, జూన్ మధ్య. మార్చి 31న రైతుల దగ్గర నుంచి తెచ్చి శుద్ధి చేసిన విత్తనం గోడౌనుల్లో ఉంటుంది, డీలర్లు కట్టిన అడ్వాన్సులు బాకీల వైపు కనబడతాయి. సరిగ్గా మూడు నెలల తర్వాత అదే కంపెనీని చూస్తే నిల్వ కరిగి, బాకీ తీరి ఉంటుంది. అలాంటి కంపెనీని ఏడాదంతా సమంగా అమ్మే మందుల కంపెనీతో కరెంట్ రేషియో దగ్గర పోల్చి, ఇది బాగుంది, అది బాగాలేదు అనడం అన్యాయం. క్యాలెండరు అందరికీ ఒకటే, పంట అందరికీ ఒకటి కాదు.

తేదీ చిక్కుకు ఇప్పుడు కొంత విరుగుడు దొరుకుతోంది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలు మార్చి 31తో పాటు సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల వివరాలను కూడా ప్రకటించాలని సెబీ నియమం. ఒకే మిల్లు శిఖరాన్నీ లోయనీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సీజను వ్యాపారాలను చదివేటప్పుడు వార్షిక నివేదిక కంటే ముందు ఈ అర్ధ సంవత్సరపు పట్టికనే నేను తీస్తాను. నమోదు కాని ప్రైవేటు మిల్లులకు, సహకార మిల్లులకు ఆ రెండో తేదీ బయటికి రాదు. అక్కడ పైన చెప్పిన వడ్డీ లెక్కే దిక్కు.

విధానాల చిక్కు విషయంలో మాత్రం దారి సన్నబడింది. డైమ్లర్ 1996 నుంచి అమెరికా పద్ధతిలోనే లెక్కలు రాయడం మొదలుపెట్టింది. 2001లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్‌లో నమోదైనప్పుడు కూడా భారతీయ లెక్క, అమెరికా లెక్క రెండూ చదివే అవకాశం ఇక్కడి వాటాదారులకు దొరికింది. 2007లో అమెరికా కమిషన్, అంతర్జాతీయ ప్రమాణాలను ఉన్నవి ఉన్నట్టు పాటించే విదేశీ కంపెనీలు ఆ తేడాల పట్టిక ఇవ్వనక్కర్లేదని నిర్ణయించింది. 2010లో డైమ్లర్ న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ నుంచి తప్పుకుంది. ఆ ప్రమాణాలు చాలా దేశాలను ఒక దారికి తెచ్చిన మాట నిజమే. వారంటీకి ఎంత రాయాలి, యంత్రం ఎన్నేళ్లు పని చేస్తుంది, పరిశోధన ఖర్చులో ఎంత ఆస్తి అవుతుంది అన్న అంచనాలు మాత్రం ఇప్పటికీ కంపెనీ కంపెనీకీ మారుతూనే ఉన్నాయి. ఒకే కంపెనీకి రెండు ఫలితాలను పక్కపక్కన రాసి చూపే పట్టిక లేనప్పుడు ఆ తేడాలను విధానాల వివరణల్లోంచి, ప్రొవిజన్ల కదలికల పట్టికలోంచి ఒక్కొక్కటిగా ఏరి, రెండు కంపెనీలనూ ఒకే విధానంలోకి మార్చుకున్నాకే భాగహారం మొదలుపెట్టాలి.